డిబేట్‌లో మొదటి ప్రసంగం: ఏడు పాయింట్లు మూడుకి ఎలా తగ్గించాలి, ఖండనకి చోటు ఎలా వదలాలి?

అడిగినది: విజయనగరం డిగ్రీ విద్యార్థిని

నమస్కారం అండీ. వచ్చే వారం మా కాలేజీలో తెలుగు డిబేట్ ఉంది. "పొందూరు ఖాదీ నూలు వడకడానికి కరెంటు యంత్రాలు తేవాలి" అన్నది ప్రతిపాదన. నాది వ్యతిరేక పక్షం, మొదట మాట్లాడేది నేనే. మొదటి ప్రసంగానికి నాలుగు నిమిషాలు, తర్వాత ఖండనకి రెండు నిమిషాలు ఇస్తారు. నేను ఏడు పాయింట్లు రాసుకున్నాను. ఇంట్లో గడియారం పెట్టుకుని చదివితే ఐదున్నర నిమిషాలు దాటింది. ఒకే వాదం, మూడు కారణాలు, ఖండనకి చోటు ఉండాలని మా మేడమ్ చెప్పారు. ఆ చోటు అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. నా మొదటి మూడు పాయింట్లు ఇవి: ఇది మన వారసత్వం, గాంధీ గారు మెచ్చుకున్న ఖాదీ, శ్రీకాకుళం జిల్లాకే గర్వకారణం. చాలా టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి నుంచి ఒక తండ్రి

చోటు అంటే టైమ్ మిగల్చడమే అమ్మా. మూడున్నర నిమిషాల్లో ముగించేయ్. మా అబ్బాయి వక్తృత్వం పోటీకి మొత్తం కంఠస్థం చేశాడు, మధ్యలో ఒక వాక్యం మరిచిపోయి ఆగిపోయాడు. అప్పటినుంచి వాడికి ప్రతి పేరాకి మొదటి మాట ఒక్కటే చీటీ మీద రాసిస్తున్నాను.

రాజాం మాస్టారు

చీటీ సలహా బాగుంది. కానీ వక్తృత్వంలో ఎదురు జవాబు చెప్పేవాళ్ళు ఉండరు కదండీ. ఇక్కడ ఉంటారు.

అమ్మాయీ, ముందు నీ మూడు పాయింట్ల సంగతి చూద్దాం. వారసత్వం, గాంధీ గారి మెప్పు, గర్వం అన్నవి మూడు కారణాలు కావు, ఒకే కారణానికి మూడు పేర్లు. ఎలా తెలుస్తుందంటే, అవతలి పక్షం లేచి "గర్వంతో వడికేవాళ్ళ కడుపు నిండదు" అని ఒక్క మాట అంటే మూడూ ఒకేసారి పడిపోతాయి. ఒక్క దెబ్బకి రెండు పోతే అవి విడివిడి కారణాలు కానట్టే. నీ ఏడింటినీ ఇలాగే పరీక్షించు. నాకు తెలిసినంతలో మూడు వేర్వేరు దారులు దొరుకుతాయి: పేరు, బట్ట, మనుషులు.

పేరు అంటే చట్టం. 1956 నాటి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చట్టం ప్రకారం, చేత్తో వడికిన నూలుతో చేమగ్గం మీద నేసిన బట్టే ఖాదీ. యంత్రం వడికితే ఆ బట్టని ఖాదీ అని అమ్మడం కుదరదు. ప్రతిపాదనలో "పొందూరు ఖాదీ" అన్న మాట ఉంది కాబట్టి ఇదే నీ బలమైన కారణం, దీన్నే మొదట చెప్పు.

వాదం మాత్రం ఒకే వాక్యంలో ఉండాలి. "యంత్రాలు మంచివి కావు" అన్నావనుకో, రైసు మిల్లు దగ్గర్నుంచి అన్నిటికీ నువ్వే జవాబు చెప్పుకోవాలి. "వడకడం ఒక్కటీ చేతి రాట్నం మీదే ఉండాలి" అంటే నువ్వు కాపలా కాయాల్సిన హద్దు చిన్నదవుతుంది.

పొందూరు కోడలు

మా అత్తగారు రాట్నం వడికారు కాబట్టి రెండో కారణానికి నా మాట వినండి. ఇక్కడి సన్ననూలు దేశవాళీ పత్తితో వస్తుంది, దాని పింజె పొట్టిది. వాలుగ చేప దవడ ఎముకతో ఆ పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళకి చెత్త వదిలి పింజె ఒక వరసకి వస్తుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అప్పుడు రాట్నం దగ్గర కూర్చుంటారు. పొట్టి పింజెని వేలి కొసతో ఎంత లాగాలో, ఎక్కడ ఆగాలో చెయ్యే చెబుతుంది. మిల్లు యంత్రానికి పొడుగు పింజె కావాలి. అంటే యంత్రం వస్తే ముందు పత్తే మారిపోతుంది. "చేతి పని అందంగా ఉంటుంది" అని ఊరికే చెప్పకుండా ఈ వరస చెప్పు తల్లీ.

ఇంకో మాట కూడా దాచకు. వడికేవాళ్ళకి వచ్చేది చాలా తక్కువ. మా ఇంట్లో నా తరం వాళ్ళెవరూ రాట్నం పట్టలేదు. అవతలి పక్షం అడిగేది అదే.

పార్వతీపురం సీనియర్

నేను రెండేళ్ళు డిబేట్ చేశాను. అవతలివాళ్ళు అనగలిగినవన్నీ మొదటి ప్రసంగంలోనే చెప్పి ముందే కొట్టేయాలి. అప్పుడు వాళ్ళకి మాట్లాడ్డానికి ఏమీ మిగలదు.

రాజాం మాస్టారు

అది సగమే నిజం బాబూ. జడ్జీల మనసులో ముందే మెదిలే అభ్యంతరం ఒకటి ఉంటుంది, దాన్ని నువ్వే ఎత్తాలి. మిగతావన్నీ ఎత్తితే వాళ్ళు ఆలోచించని దాన్ని కూడా నువ్వే అందించినట్టు అవుతుంది. పైగా ఉన్న నాలుగు నిమిషాలూ వాళ్ళ వాదన చెప్పడానికే పోతాయి.

ఖండనకి చోటు అన్నది ఇక్కడే వస్తుంది. చాలా పోటీల్లో ఖండనలో కొత్త కారణం ఎత్తనివ్వరు. ముందు చెప్పిన కారణానికి కొత్త ఆధారం మాత్రం ఇవ్వొచ్చు. కాబట్టి ఖండనలో వాడబోయే ప్రతి విషయానికీ మొదటి ప్రసంగంలో ఒక్క వాక్యమైనా ఉండాలి. చట్టం దగ్గర "చేత్తో వడికిన అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను" అని వదిలెయ్. 2018లో కేంద్రం మొదలుపెట్టిన సోలార్ చరఖా మిషన్‌ని వాళ్ళు తెస్తారు. నువ్వు ముందే ఎత్తకు. తెచ్చాక, "మోటారు తిప్పిన కదురు మీద వచ్చిన నూలు చేత్తో వడికినదేనా?" అని అడుగు. వాళ్ళు తేకపోతే ఆ సమయం ఇంకోదానికి పనికొస్తుంది.

రెండు నిమిషాల్లో రెండు జవాబులకి మించి పట్టవు. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు వాళ్ళ మాట, కుడివైపు నీ జవాబు రాసుకో. కుడివైపు ముందే నింపకు. నింపితే వాళ్ళు అనని మాటకి కూడా జవాబు చదివేస్తారు, పిల్లలు ఇక్కడే దొరికిపోతారు.

అడిగిన అమ్మాయి

మరి కూలి సంగతి నేనే ఎత్తాలా మాస్టారూ? ఒప్పుకుంటే ఓడిపోయినట్టు కాదా?

పొందూరు కోడలు

ఒప్పుకోమ్మా. నిజం కదా. "కూలి తక్కువే. యంత్రం వస్తే ఆ కూలి పెరగదు, వడికే చోటే పోతుంది. ఇంట్లో కూర్చుని వడికే ఆడవాళ్ళకి యంత్రం దగ్గర పని దొరుకుతుందని ప్రతిపాదించినవాళ్ళు చూపించాలి" అను. నీ మూడో కారణం అదే.

పార్వతీపురం సీనియర్

నేనైతే ఒప్పుకోను. జడ్జి కాగితం మీద "ఒప్పుకున్నారు" అనే రాసుకుంటారు. నాకు ఒకసారి అలాగే జరిగింది.

రాజాం మాస్టారు

అది జడ్జిని బట్టి ఉంటుంది, నేను గట్టిగా చెప్పలేను. ఒప్పుకోవడం, దాన్ని తిప్పడం ఒకే ఊపిరిలో రావాలి. మధ్యలో ఆగితే బాబూ, నువ్వు చెప్పినట్టే అవుతుంది. ఇంకో మాట అమ్మాయీ, కూలి ఇంత అని అంకె చెప్పాలంటే పొందూరు వెళ్ళి అడిగి తెలుసుకుని చెప్పు.

అడిగిన అమ్మాయి

ఇలా మార్చాను, చూడండి:

"పొందూరు ఖాదీలో వడకడం ఒక్కటీ చేతి రాట్నం మీదే ఉండాలని మా వాదం. ఒకటి, యంత్రం వడికితే 1956 చట్టం ప్రకారం అది ఖాదీయే కాదు. ఆ చట్టంలో 'చేత్తో వడికిన' అన్న మాట గుర్తుంచుకోండి. రెండు, యంత్రం కోసం పత్తి మారితే ఈ బట్టే మారిపోతుంది. మూడు, వడికేవాళ్ళ కూలి తక్కువన్నది నిజమే, కానీ యంత్రం ఆ తక్కువని కూడా తీసేస్తుంది."

దీనికి అర నిమిషం. ఒక్కో కారణానికి నిమిషం. చివర అర నిమిషం మిగిలింది. ఆదివారం పొందూరు వెళ్తున్నాను. అక్కా, మీ అత్తగారిని కలవొచ్చా?

పొందూరు కోడలు

రా తల్లీ. పొద్దున్నే వస్తే ఆవిడ పాత రాట్నం తీసి చూపిస్తారు.