ప్రాజెక్ట్ ఆలస్యమైతే ముందు ఎవరికి చెప్పాలి: క్లయింట్‌కా, మన డెలివరీ హెడ్‌కా?

శ్రావణి, కొండాపూర్
నిన్న రాయదుర్గంలో ప్రాజెక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూ అయింది. ప్యానెల్ ఒక కేసు ఇచ్చింది. డయాగ్నస్టిక్ ల్యాబ్‌లకు రిపోర్టుల యాప్, ఫిక్స్‌డ్ ప్రైస్. డెవలప్‌మెంట్‌కు 16 వారాలు, ఆ తర్వాత క్లయింట్ తానే పరీక్షించి చూసుకునే యూఏటీ. ఒప్పుకున్న పని 200 స్టోరీ పాయింట్లు. పదో వారం ముగిసేసరికి 100 పూర్తయ్యాయి, కానీ వాటిలో 20 మధ్యలో క్లయింట్ అడిగిన కొత్త పనులు. అలాంటివి ఇంకో 10 మిగిలి ఉన్నాయి. దేనికీ ఛేంజ్ రిక్వెస్ట్ లేదు. ల్యాబ్ మెషీన్ల డేటా వచ్చే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ను క్లయింట్ మూడో వారంలో ఇవ్వాల్సింది, ఏడో వారంలో ఇచ్చారు. స్టేటస్ రిపోర్ట్ ఇప్పటికీ గ్రీన్. “క్లయింట్‌కు ఏం చెబుతారు?” అన్నారు. రేపే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబుతానన్నాను. “మీ డెలివరీ హెడ్‌కు తెలియకుండానా?” అన్నారు. గురువారం రెండో రౌండ్. అసలు ఏ జవాబు సరైనది?

వెంకట్
ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? ఇది స్కోప్ క్రీప్. అడిగింది వాళ్లు, ఎన్విరాన్‌మెంట్ ఆలస్యం చేసిందీ వాళ్లే. ఆ 30 పాయింట్లకు ఛేంజ్ రిక్వెస్ట్ వేసి, తేదీ జరిపి, బిల్లు పంపుతానని చెప్పండి. అమీర్‌పేటలో నేను కోచింగ్ తీసుకున్నప్పుడు కూడా ఇదే చెప్పారు: బేస్‌లైన్ మారితే ఛేంజ్ కంట్రోల్ ఉండాలి. క్లయింట్ ముందు తగ్గి మాట్లాడితే తప్పంతా మనదే అనుకుంటారు.

మాధవి
వెంకట్ గారు చెప్పిన ఛేంజ్ కంట్రోల్ సరైనదే. కానీ అది మొదటి కొత్త పని అడిగిన రోజున జరగాల్సింది. 20 పాయింట్లు చేసి ఇచ్చేశాక పదో వారంలో బిల్లు పంపితే, “చేస్తున్నప్పుడు డబ్బు సంగతి ఎందుకు ఎత్తలేదు?” అని క్లయింట్ అడుగుతాడు. అప్పుడు మన దగ్గర జవాబు ఉండదు. మిగిలిన 10 పాయింట్లను ఆపి, వాటికి ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. పూర్తయిన 20 గురించి అయితే ముందు మన కమర్షియల్ టీమ్‌తో మాట్లాడాలి.

శ్రావణీ, నువ్వు అడిగింది ఎవరికి ముందు చెప్పాలని. దానికన్నా ముందు, ఏం చెప్పబోతున్నావో లెక్క తేలాలి. ప్యానెల్ ఆ 20ని కేసులో ఊరికే పెట్టలేదు. 200కి 100 అయ్యాయి కాబట్టి సగం పని అయిందని ఎవరైనా అనేస్తారు. అసలు ఒప్పుకున్న పనిలో అయినవి 80 మాత్రమే. మొత్తం పని ఇప్పుడు 230, మిగిలింది 130. పైన కొత్త పని కలిపి, కింద పాత మొత్తాన్నే ఉంచితే శాతం ఎప్పుడూ బాగానే కనబడుతుంది. రిపోర్ట్ గ్రీన్‌లో ఉండిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అబద్ధం రాయాలని ఎవరూ అనుకోరు, భాగహారంలో కింది అంకెను ఎవరూ మార్చరు, అంతే.

ఇక తేదీ. పది వారాల్లో 100 అంటే సగటున వారానికి పది. ఆ వేగంతో 130కి 13 వారాలు, అంటే డెవలప్‌మెంట్ 23వ వారానికి పోతుంది. ఏడు వారాల ఆలస్యం. కానీ మధ్యలో ఎన్విరాన్‌మెంట్ లేక టీమ్ వేగం తగ్గి ఉంటుంది. అందుకే ప్యానెల్‌ను ఎదురు ప్రశ్న అడగాలి: “చివరి మూడు వారాల్లో ఎన్ని పాయింట్లు అయ్యాయి?” ఒకవేళ 39 అంటే, వారానికి 13. అప్పుడు పది వారాలు చాలు, ఆలస్యం నాలుగు వారాలు. కాబట్టి నిజాయితీగా చెప్పగలిగేది ఒక తేదీ కాదు, “నాలుగు నుంచి ఏడు వారాలు, ఇంకో రెండు వారాల్లో దీన్ని దగ్గరికి తెస్తాం” అన్న మాట. ఒకే తేదీ చెప్పి మళ్లీ జరిపితే మొదటిసారి చెప్పిన నిజానికి కూడా విలువ ఉండదు.

నాగేశ్వరరావు, కొంపల్లి
అమ్మా, నేను అపార్ట్‌మెంట్ల నిర్మాణంలో ఉన్నాను. మాకు ఈ ప్రశ్నే రాదు. రెరాలో రిజిస్టర్ చేసేటప్పుడే పూర్తయ్యే తేదీ రాసివ్వాలి. పని ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలి. కొన్నవాళ్లు అందరూ చూస్తారు. స్లాబ్ పడలేదంటే సైట్‌కు వచ్చి కళ్లారా చూసుకుంటారు. మీకు ఆ సౌకర్యం లేదు, సాఫ్ట్‌వేర్ కంటికి కనబడదు కదా. ఆలస్యమైతే వడ్డీ మీరు కడతారా, కంపెనీ కడుతుందా?

మాధవి
రావు గారూ, ఆలస్యానికి పెనాల్టీ ఉంటే కాంట్రాక్టులో కంపెనీ మీద ఉంటుంది, మేనేజర్ జేబులోంచి కాదు. కంటికి కనబడదని మీరన్నది మాత్రం నిజం. అందుకే ప్రతి రెండు వారాలకు నడుస్తున్న యాప్‌ను క్లయింట్ ముందు డెమో పెడతాం.

ఇమ్రాన్
నేను అవతలి వైపు ఉంటాను. ఒక ఆసుపత్రి ఐటీ విభాగంలో వెండర్ల పని చూస్తాను. ఆలస్యం మాకు కొత్త కాదు. మాకు కోపం వచ్చేది ఎప్పుడంటే, ఆలస్యమని తెలిసేసరికి మా చేతిలో చేయడానికి ఏమీ మిగలనప్పుడు.

ఈ కేసునే తీసుకోండి. కొత్త యాప్ వస్తుందని పాత సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ను ఆ ల్యాబ్ రెన్యూ చేయకుండా వదిలేయబోతుంది. ఆ నిర్ణయానికి ఒక చివరి తేదీ ఉంటుంది. శాంపిల్ కలెక్షన్ సెంటర్ల 15 రోజుల ట్రైనింగ్‌కు టెక్నీషియన్ల డ్యూటీలు మారుస్తారు. ఇవన్నీ మీ తేదీని నమ్మి చేసేవి. పదో వారంలో చెబితే లైసెన్స్‌ను మూడు నెలలు పొడిగించుకుంటారు. 15వ వారంలో చెబితే ఆ దారి మూసుకుపోయి ఉండొచ్చు. అందుకని నేనైతే అభ్యర్థిని అడిగేది ఒకటే: “మా తేదీని నమ్మి మేం ఏమేం చేస్తున్నామో నీకు తెలుసా?” అది తెలిసినవాడికి ఎప్పుడు చెప్పాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంకో మాట. నాకు చెప్పేటప్పుడు రెండు మూడు దారులు తెండి. రిపోర్ట్ చూడటం, డౌన్‌లోడ్ ముందు ఇచ్చి, డాక్టర్ల డాష్‌బోర్డ్ తర్వాత ఇవ్వడం కుదురుతుందా? యూఏటీ కుదిస్తామని మాత్రం అనొద్దు. ల్యాబ్ రిపోర్టులో ఒక్క విలువ తప్పు పడినా పేషెంట్ మీద పడుతుంది.

కిరణ్
అందరూ బాగానే చెబుతున్నారు గానీ, శ్రావణి గారి అసలు ప్రశ్న పక్కకు పోయింది. సర్వీస్ కంపెనీలో డెలివరీ హెడ్‌కు చెప్పకుండా క్లయింట్‌కు ఫోన్ చేస్తే, ఆ సాయంత్రానికే మిమ్మల్ని అకౌంట్ నుంచి తీసేయొచ్చు. అది పిరికితనం అనుకోకండి. తేదీ మారితే ఇన్‌వాయిస్ మారుతుంది, పెనాల్టీ క్లాజ్ కదులుతుంది, పై నెలలో వేరే ప్రాజెక్టుకు పోవాల్సిన మనుషులు ఇక్కడే ఆగిపోతారు. ఇవేవీ మేనేజర్ ఒక్కరి చేతిలో లేవు. ముందు లోపల చెప్పాలి. ప్యానెల్ కోరుకున్న జవాబు అదే.

శ్రావణి
కిరణ్ గారూ, లోపల చెప్పాక “ఈ నెల మైల్‌స్టోన్ బిల్లు వచ్చేదాకా గ్రీన్‌లోనే ఉంచు” అంటే? ఆ ప్రశ్న కూడా వస్తుందనిపిస్తోంది.

మాధవి
వస్తుంది, నేను ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు అదే అడుగుతాను. ముందు లోపల అన్నదానికి నేనూ ఒప్పుకుంటాను, కానీ దానికి గడువు ఉండాలి. ఈ రోజు లెక్కతో సహా డెలివరీ హెడ్‌కు మెయిల్, రేపు ఆయనతో కూర్చోవడం, వచ్చే స్టేటస్ రిపోర్ట్ కన్నా ముందు ఇద్దరూ కలిసి క్లయింట్‌తో కాల్. ఆయన ఆపమంటే, “కాల్ రెండు రోజులు ఆగొచ్చు, గ్రీన్ అని రాసి నా పేరుతో పంపలేను” అని అక్కడే చెప్పాలి. మైల్‌స్టోన్ డబ్బు ఆ స్టేటస్‌ను చూసే విడుదలయ్యేటట్టయితే, అది ఇక రంగు విషయం కాదు, తప్పుడు కాగితం మీద డబ్బు తీసుకోవడం. పైకి పచ్చ, లోపల ఎరుపు ఉన్న పుచ్చకాయ రిపోర్ట్ యూఏటీ మొదటి వారంలో ఎలాగూ పగులుతుంది.

రిస్క్ రిజిస్టర్ గురించి కూడా అడుగుతారు, సిద్ధంగా ఉండు. చాలా రిజిస్టర్లలో ఇలా ఉంటుంది: “టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఆలస్యం కావచ్చు. ఓనర్: క్లయింట్. చర్య: ఫాలోఅప్.” ప్రతి వారం అదే లైన్, అదే అంబర్. ఈ లైన్ వల్ల ఎవరూ ఏమీ చేయరు. ఓనర్‌గా మన వైపు మనిషి ఒకరు ఉండాలి. ఒక తేదీ ఉండాలి: మూడో వారం శుక్రవారం సాయంత్రానికి లాగిన్లు రాకపోతే, సోమవారం నుంచి టీమ్ ఏం చేస్తుంది? ల్యాబ్ మెషీన్లు ఎక్కువగా ఏఎస్‌టీఎం, హెచ్‌ఎల్7 ఫార్మాట్లలో మెసేజ్‌లు పంపుతాయి. పేషెంట్ వివరాలు తీసేసిన పాత మెసేజ్ ఫైళ్లు అడిగి తెచ్చుకుంటే, ఒక డెవలపర్ చిన్న సిమ్యులేటర్ రాసుకోగలడు. దాంతో ఎదురుచూపు పూర్తిగా పోదు, సగానికైనా తగ్గుతుంది. పైగా ఆ శుక్రవారం దాటాక అది రిస్క్ కాదు, జరిగిపోయిన సమస్య. ఇష్యూ లాగ్‌లోకి మార్చి, ఆ రోజే క్లయింట్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి.

వెంకట్
ఇప్పుడు నా పాయింట్ మీరే చెప్పారు కదా అక్కా. ఎన్విరాన్‌మెంట్ నాలుగు వారాలు ఆలస్యం చేసింది వాళ్లు. ఆ నాలుగు వారాలూ వాళ్ల ఖాతాలో వేయాలి.

మాధవి
నాలుగు వారాలు ఆలస్యంగా వచ్చిందంటే టీమ్ నాలుగు వారాలు ఖాళీగా కూర్చుందని కాదు తమ్ముడూ. ఆ వారాల్లో మెషీన్‌తో సంబంధం లేని స్క్రీన్లు చేసే ఉంటారు. వేగం ఎంత తగ్గిందో, అంతే దానివల్ల పోయిన కాలం. వారానికి 13 చేసే టీమ్ ఆ నాలుగు వారాల్లో వారానికి ఏడు చేసిందనుకో, పోయింది 24 పాయింట్లు, అంటే రెండు వారాల లోపే. నాలుగు అని క్లయింట్ ముందు పెడితే, వాళ్ల ఐటీ వాళ్లు మన డెమో రికార్డింగులు తీసి చూపిస్తారు. అక్కడితో మిగతా లెక్కనూ నమ్మరు.

ఇమ్రాన్
నేనైతే కచ్చితంగా తీస్తాను. ఆ రెండు వారాలు కూడా నేను ఒప్పుకోవాలంటే, మూడో వారంలో మీరు పంపిన మెయిల్ చూపించాలి. మా కాంట్రాక్టుల్లో మా వైపు ఆలస్యాన్ని ఇన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంటుంది. మెయిల్ లేకపోతే మా లీగల్ వాళ్లు ఒక్క రోజు కూడా ఇవ్వరు.

కిరణ్
ఇక్కడ ఇమ్రాన్ భాయ్‌తో ఏకీభవించను. ఎన్విరాన్‌మెంట్ ఇవ్వలేదని క్లయింట్‌కు తెలియదా? ప్రతి వారం కాల్‌లో అడుగుతూనే ఉంటాం, మినిట్స్‌లో ఉంటుంది. మినిట్స్‌ను నోటీసుగా ఎందుకు లెక్కలోకి తీసుకోరు?

ఇమ్రాన్
“ఎన్విరాన్‌మెంట్ పెండింగ్” అని మినిట్స్‌లో ఉంటే, పెండింగ్ అని మాత్రమే తెలుస్తుంది. దానివల్ల తేదీ జరుగుతుందని ఎక్కడ రాశారు? పక్కనే స్టేటస్ గ్రీన్ ఉంటే నేను ఏమనుకోవాలి?

కిరణ్
అది కాంట్రాక్ట్ భాషను బట్టి ఉంటుంది భాయ్. కొన్నిటిలో మినిట్స్ చెల్లుతాయి, నేను చూశాను.

శ్రావణి
రెండో రౌండ్‌లో నేను ముందు చివరి మూడు వారాల వేగం అడుగుతాను, తర్వాత క్లయింట్ పాత లైసెన్స్ తేదీ అడుగుతాను. డెలివరీ హెడ్‌కు అదే రోజు, క్లయింట్‌కు వచ్చే రిపోర్ట్‌కు ముందు అంటాను. మాధవి అక్కా, పూర్తయిన ఆ 20 పాయింట్ల డబ్బు సంగతి అడిగితే వదిలేస్తామని చెప్పాలా, అడుగుతామని చెప్పాలా?

మాధవి
వదిలేస్తామని నువ్వు ఒక్కదానివే చెప్పకు, ఆ అధికారం ఉందా అని పట్టుకుంటారు. నేనైతే ఆ 20ని ఉచితంగా ఇచ్చి, బదులుగా తేదీ పొడిగింపు అడగమని కమర్షియల్ టీమ్‌కు సూచిస్తాను. వెంకట్ ఒప్పుకోడని తెలుసు.

వెంకట్
ఒప్పుకోను అక్కా. 20 పాయింట్లు ఉచితమంటే వచ్చే ప్రాజెక్టులో 40 అడుగుతారు.