మీమ్స్ మీద నల్ల అంచున్న తెల్ల అక్షరాలే ఎందుకు?

గోదారి_కుర్రాడు: పాత ఇంగ్లిష్ మీమ్స్ ఏవి చూసినా ఒకే వాలకం. బొమ్మ పైన ఒక లైను, కింద ఒక లైను, లావాటి తెల్లక్షరాలు, చుట్టూ నల్ల గీత. ఎవరైనా రూల్ పెట్టారా? ఇది ఎక్కడి అలవాటు?

సింధు_ఎడిట్స్: మీమ్ జనరేటర్ సైట్లు వచ్చాకే మొదలైంది. వాటిలో డిఫాల్ట్‌గా అదే ఫాంట్ ఉండేది, జనం మార్చకుండా వదిలేశారు.

పాత_మోడెమ్: సింధు గారూ, జనరేటర్లు దాన్ని అందరి చేతికీ అందించిన మాట నిజమే. అలవాటు మాత్రం వాటికంటే పాతది. 2000ల మొదట్లో సంథింగ్ ఆఫుల్ అనే అమెరికన్ ఫోరంలో సభ్యులు ఒకరి మాటకు ఒకరు బొమ్మతో జవాబిచ్చేవాళ్లు. చిన్న కోడ్ టైప్ చేస్తే ముందే సిద్ధంగా ఉన్న బొమ్మ పోస్టులోకి వచ్చేది. ఇలాంటి రాతబొమ్మలను ఇమేజ్ మాక్రోలు అనడం అక్కడే మొదలైంది. తర్వాత 4చాన్‌లో శనివారాలు పిల్లి బొమ్మలు పెట్టే ఆనవాయితీ వచ్చింది. 2007లో ఐ కెన్ హ్యాజ్ చీజ్‌బర్గర్ సైటుతో ఆ పిల్లులు బయటి ప్రపంచానికీ తెలిశాయి. అంటే మీరు చూస్తున్నది పోస్టర్ డిజైన్ కాదు, చర్చలో ఠక్కున ఇచ్చిన జవాబు తాలూకు రూపం.

ఫాంట్ పేరు ఇంపాక్ట్. జెఫ్రీ లీ గీశారు, ఇంగ్లండ్‌లోని స్టీఫెన్‌సన్ బ్లేక్ అనే అచ్చక్షరాల కంపెనీ 1965లో విడుదల చేసింది. 1996లో మైక్రోసాఫ్ట్ వెబ్ కోసం ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో ఇదీ ఉంది. అందుకే దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ దొరికేది. ఇరుకుగా, లావుగా ఉంటుంది కాబట్టి చిన్న బొమ్మలో కూడా పెద్ద సైజులో ఎక్కువ మాటలు పడతాయి.

రేపల్లె_రవి: ఫాంట్ సరే, నల్ల గీత సంగతి? నాకైతే అది సినిమా సబ్‌టైటిల్స్ నుంచి వచ్చిందనిపిస్తుంది.

పాత_మోడెమ్: రెండింటి అవసరమూ ఒకటే. అక్షరాల వెనక ఏ రంగు వస్తుందో ముందే తెలియదు. తెల్ల పిల్లి మీద తెల్లక్షరం పోతుంది, చీకటి గది మీద నల్లక్షరం పోతుంది. తెలుపు చుట్టూ నలుపు ఉంటే రెండిట్లో ఒకటి ఎప్పుడూ కనిపిస్తుంది. బొమ్మ చేతులు మారి, నాణ్యత చెడిపోయినా చదవొచ్చు. కానీ సబ్‌టైటిల్స్ చూసే నేర్చుకున్నారని నేను ఒప్పుకోను, అవసరం ఒకటైతే ఎవరికైనా అదే ఉపాయం తడుతుంది.

రేపల్లె_రవి: కళ్లు అప్పటికే సబ్‌టైటిల్స్‌కి అలవాటు పడి ఉన్నాయిగా అండీ. నా మాట మీదే నేనుంటాను.

లావణ్య_కోడ్: నా గోల వేరే. కాలేజీ ఫెస్ట్‌కి చిన్న మీమ్ పేజీ రాస్తున్నాను. అంచు వేస్తే అక్షరం సన్నబడిపోతోంది, M, W మూలల్లో ముళ్లలా పొడుచుకొస్తున్నాయి.

పాత_మోడెమ్: గీత అక్షరం హద్దు మీద సగం లోపలికి, సగం బయటికి పడుతుంది. 8 పిక్సెళ్ల గీత వేస్తే 4 లోపల తెలుపును తినేస్తాయి. ముందు గీత, తర్వాత తెలుపు వేయండి. అప్పుడు లోపలి సగం తెలుపు కిందికి పోయి, బయటి 4 మాత్రమే మిగులుతాయి. ముళ్లు పోవాలంటే మూలలు గుండ్రంగా పెట్టాలి.

```
ctx.lineJoin = "round";
ctx.lineWidth = 8;
ctx.strokeStyle = "black";
ctx.strokeText(t, x, y);
ctx.fillStyle = "white";
ctx.fillText(t, x, y);
```

లావణ్య_కోడ్: చాలా థ్యాంక్స్ అండీ, సరిపోయింది! నేను వరస తిరగేసి రాశాను. కానీ తెలుగు టైప్ చేస్తే మాత్రం ఘోరంగా ఉంది.

ఒత్తుల_శాస్త్రి: ఇంపాక్ట్‌లో తెలుగు అక్షరాలే లేవమ్మా. విండోస్ దాని బదులు నిర్మల యూఐ లాంటి సన్న ఫాంట్ తెచ్చి పెడుతుంది. ఆ సన్నక్షరం చుట్టూ అంత లావు అంచు వేస్తే సున్నాల లోపలి ఖాళీ మూసుకుపోతుంది, ఒత్తు ఏదో తెలియదు. "లక్ష్మి" అని రాసి చూడు, క్ష కింద మ ఒత్తు నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఇంకో చిక్కు, ఇంగ్లిష్ పెద్దక్షరాలు కిందికి వేలాడవు కాబట్టి లైన్లు దగ్గరగా పేర్చొచ్చు. మనకు పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. రామభద్ర లాంటి లావు తెలుగు ఫాంట్ తీసుకో, అంచు సగానికి తగ్గించు, లైన్ల మధ్య ఎడం పెంచు. అప్పటికీ చదవలేకపోతే బొమ్మ పైన తెల్ల పట్టీ పెట్టి, అందులో నల్లక్షరాలతో రాయి.

సింధు_ఎడిట్స్: ఇప్పుడు చాలామంది చేసేదీ ఆ పట్టీయే. ఇంపాక్ట్ కావాలని వాడితే పాతకాలం వాసన కోసమే.

గోదారి_కుర్రాడు: మరి మన ట్రోల్ పేజీల్లో బ్రహ్మానందం బొమ్మల మీద డైలాగులు ఇంగ్లిష్ లిపిలో ఉండేవి ఈ ఫాంట్ వల్లేనా?

ఒత్తుల_శాస్త్రి: కొంతవరకే బాబూ. ఫోన్లో అందరూ అలాగే టైప్ చేసేవాళ్లు, అదీ ఒక కారణం. తెలుగు లిపిలో చేసిన పాత మీమ్స్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ఏ ఫాంట్ వాడారో చూద్దాం.