పిల్లల తప్పుల లెక్కకు ఏది నమ్మాలి: పోలీసు రికార్డా, పిల్లలు రాసిచ్చిన జవాబా?

స్రవంతి (మహబూబ్‌నగర్)

ఎం.ఎస్.డబ్ల్యూ. ప్రాజెక్టు కోసం 9, 10 తరగతుల పిల్లలతో పేరు లేని ప్రశ్నపత్రం నింపించాలని ఉంది. చిన్న దొంగతనాలు, కొట్లాటలు, కల్లు, గుట్కా లాంటి వాటి మీద. మా గైడ్ సార్ "తప్పు చేసినోడు నిజం రాస్తడా? పోలీసు లెక్కలు తీసుకో" అంటున్నారు. ఒక స్టేషన్‌లో అడిగితే, వచ్చేవాళ్లంతా ఫలానా రెండు బస్తీల పిల్లలే అన్నారు. నిజంగా తప్పులు చేసేది వాళ్లేనా, లేక దొరికేది వాళ్లేనా? దేన్ని నమ్మాలి?

రిటైర్డ్ ఏఎస్ఐ, మిర్యాలగూడ

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేసినవాడిగా చెబుతున్నాను. స్టేషన్ రికార్డులో ఉన్నదంటే దాని వెనక ఫిర్యాదు ఉంటుంది, సాక్షి ఉంటాడు, దొరికిన సొమ్ము ఉంటుంది. కాగితం మీద పిల్లవాడు పెట్టిన టిక్కుకు ఏ ఆధారం ఉంది? తొమ్మిదో తరగతి పోరగాళ్లు గొప్పకు చెయ్యనివి కూడా రాస్తారు.

అయితే ఒక మాట మీ సార్‌కు తెలియాలి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చింది, దాని కింద 2016లో మోడల్ రూల్స్ వచ్చాయి. వాటి ప్రకారం పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టేది రెండు సందర్భాల్లోనే. నేరం ఘోరమైనదై ఉండాలి, లేదంటే పెద్దవాళ్లతో కలిసి చేసి ఉండాలి. మిగతావన్నీ జనరల్ డైరీలో రాసుకొని, పిల్లవాడి ఇంటి పరిస్థితుల మీద రిపోర్టు తయారుచేసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. కాబట్టి ఎఫ్ఐఆర్‌లు మాత్రమే లెక్కపెడితే చిన్న దొంగతనాలు చాలావరకు అందులో ఉండవు. అది పోలీసుల నిర్లక్ష్యం కాదు, చట్టమే అలా చెయ్యమంది.

కోదాడ నుంచి ఒక తండ్రి

నమస్కారం. నాకు ఈ విషయంలో భయం ఉంది, అందుకే రాస్తున్నాను. పోయినేడాది మా పెద్దబ్బాయి, ఇంటర్ చదువుతున్నాడు, హాస్టల్‌లో ఇంకో పిలగాణ్ణి కొట్టాడు. ఆ బాబుకు చెయ్యి విరిగింది. కాలేజీ వాళ్లు రెండు కుటుంబాలనూ పిలిచారు, పెద్దమనుషులు కూర్చున్నారు, ఆస్పత్రి ఖర్చులు, పైన కొంత నేను కట్టాను. స్టేషన్ దాకా పోలేదు. ఇప్పుడు మా చిన్నోడు పదో తరగతి. ఇలాంటి సర్వే వాళ్ల బడికి వచ్చి వాడు అన్న సంగతి రాస్తే మళ్లీ కేసు తిరగదోడతారా? దయచేసి చెప్పండి, ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

లెక్చరర్, నల్లగొండ

కోదాడ అన్నా, ఆ సర్వే దానికోసం కాదు. పేరుండదు, అన్నదమ్ముల సంగతి అడగరు, తాను చేసినదే అడుగుతారు.

స్రవంతీ, నీ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తేలిపోయింది. అమెరికాలో షార్ట్, నై అనే ఇద్దరు 1957–58లో ప్రచురించిన సర్వేలో వాషింగ్టన్ రాష్ట్రంలోని చిన్న పట్టణాల హైస్కూల్ పిల్లలకు ఇలాంటి ప్రశ్నపత్రమే ఇచ్చారు. పేదింటి పిల్లలకూ ఉన్నింటి పిల్లలకూ పెద్ద తేడా కనిపించలేదు. అంటే తప్పులు అందరూ సమానంగానే చేస్తారు, పోలీసులు బస్తీ పిల్లల్నే పట్టుకుంటారు. రికార్డు చూపించేది పోలీసుల పక్షపాతాన్నే. సర్వే చెయ్యి, అదే బయటపడుతుంది.

వెంకటరమణ (సర్వేల్లో పనిచేస్తాను, వనపర్తి)

లెక్చరర్ గారు చెప్పిన సర్వే నిజమే. కానీ ఆ పిల్లల్ని ఏం అడిగారో కూడా చూడాలి. లైసెన్సు లేకుండా బండి నడిపావా, బడి ఎగ్గొట్టావా, అమ్మానాన్నల మాట ధిక్కరించావా, రెండు డాలర్లకు తక్కువ విలువైన వస్తువు తీసుకున్నావా, బీరు తాగావా... ఇలాంటివి. మన జిల్లాల్లో పదిహేనేళ్ల పిల్లల్ని "నాన్న బండి నడిపావా" అని అడిగితే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. దాదాపు అందరూ అవుననే ప్రశ్నలో పేద, ధనిక తేడా ఎక్కడ కనిపిస్తుంది?

రెండో చిక్కు జవాబుల్లో ఉంది. "ఎప్పుడూ లేదు, ఒకటి రెండుసార్లు, చాలాసార్లు" అని గడులిస్తే ఐదుసార్లు చేసినవాడూ యాభైసార్లు చేసినవాడూ ఒకే గడిలో పడతారు. ఒక లెక్క ఊహించుకోండి. రెండు వాడలు, ఒక్కోదాంట్లో వందమంది పిల్లలు. "ఈ ఏడాదిలో దుకాణంలో డబ్బివ్వకుండా ఏమైనా తీశావా" అంటే రెండుచోట్లా 60 మంది అవునన్నారు. తేడా సున్నా. ఇప్పుడు "ఎన్నిసార్లు" అని అడిగి అంకె రాయించండి. మొదటి వాడలో 57 మంది రెండేసిసార్లు, ముగ్గురు ముప్పయ్యేసిసార్లు. మొత్తం 204. రెండో వాడలో 54 మంది రెండేసిసార్లు, ఆరుగురు ముప్పయ్యేసిసార్లు. మొత్తం 288. చేసినవాళ్ల సంఖ్య సమానమే, చేసిన పనుల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా. పైగా దుకాణదారుకు దొరికేది ఎక్కువగా ఆ ముప్పైసార్లు చేసినవాడే. అప్పుడు రికార్డుకూ సర్వేకూ మధ్య ఉన్న గొడవలో కొంత తగ్గిపోతుంది.

ఇది ఊహతో ఆగలేదు. అమెరికాలో నేషనల్ యూత్ సర్వేలో, 1976లో చేసిన పనుల గురించి 11–17 ఏళ్ల పిల్లలు 1,725 మందిని అడిగారు. టిక్కు బదులు ఎన్నిసార్లో అంకె చెప్పించారు, దాడి, దోపిడీ లాంటి పెద్ద నేరాల్నీ చేర్చారు. ఇలియట్, ఏజ్‌టన్ 1980లో దాన్ని పరిశీలిస్తే మనుషుల మీద దాడుల్లో పేదింటి పిల్లల లెక్క ఎక్కువగా వచ్చింది. ఆ తేడా ప్రధానంగా మాటిమాటికీ చేసే కొద్దిమంది దగ్గరే కనిపించింది. కాబట్టి "అందరూ సమానమే" అన్న మాట చిన్న తప్పులకు సరిపోతుంది, పెద్ద వాటికి సరిపోదు. అలాగని పోలీసుల పక్షపాతం లేదని నేను అనడం లేదు. అది ఎంత ఉందో చిన్న తప్పుల ప్రశ్నలతో మాత్రమే తేల్చలేమని అంటున్నాను.

ప్రభుత్వ హైస్కూల్ టీచర్, దేవరకొండ

రమణ గారూ, ఏఎస్ఐ గారి ప్రశ్న అలాగే మిగిలిపోయింది. పిల్లలు నిజమే రాశారని ఎలా తెలుసు? మా బళ్లో "ఇంట్లో మరుగుదొడ్డి ఉందా" అని అడిగితేనే పక్కవాడి కాగితం చూసి రాస్తారు.

వెంకటరమణ

మేడమ్, పూర్తిగా తెలియదు. పట్టుకునే దారులు కొన్ని ఉన్నాయి. మత్తు పదార్థాల జాబితాలో అసలు లేనిదాని పేరు ఒకటి కల్పించి పెడతారు. దాన్నీ వాడానని రాసినవాడి కాగితాన్ని పక్కన పెడతారు, దాంతో గొప్పకు రాసేవాళ్లు కొంత దొరికిపోతారు. దాచేవాళ్ల కోసం ఇంకో పద్ధతి ఉంది. పిల్లల, తల్లిదండ్రుల అనుమతితో, అప్పటికే రికార్డులో ఉన్న పిల్లలనూ సర్వేలో చేర్చి, రికార్డులో ఉన్నదాన్ని వాళ్లు ఒప్పుకున్నారో లేదో చూస్తారు. హిండెలాంగ్, హిర్షీ, వైస్ సియాటిల్‌లో ఇదే చేశారు. చాలామంది ఒప్పుకున్నారు. కానీ నల్లజాతి అబ్బాయిలు తమ రికార్డులో ఉన్నవాటిని, తెల్లజాతి అబ్బాయిల కంటే చాలా ఎక్కువగా రాయకుండా వదిలేశారు. దీని అర్థం ఏమిటన్నది ఇప్పటికీ తగవే. వాళ్లు భయపడి దాచి ఉండవచ్చు. లేదా పోలీసులు చెయ్యని నేరాన్ని వాళ్ల మీద రాసి ఉండవచ్చు. ఈ పోలికలో రికార్డునే సత్యమని అనుకొని పిల్లల జవాబును తూస్తున్నాం కదా, అసలు సందేహం ఆ రికార్డు మీదే.

స్రవంతి గారు చెప్పిన బస్తీలకూ ఇది వర్తిస్తుంది. పోలీసు జీపు రోజూ తిరిగే వాడలో పిల్లవాడికి, మీరిచ్చిన కాగితం ఎక్కడికి పోతుందో అన్న భయం ఎక్కువ ఉంటుంది.

కోదాడ తండ్రి గారూ, మీరు రాసిన సంగతినే చూడండి. చెయ్యి విరిగేంత దెబ్బ ఏ స్టేషన్ కాగితంలోనూ లేదు. ఖర్చులు కట్టగలిగారు కాబట్టి రాజీ కుదిరింది. అదే దెబ్బ కట్టలేని ఇంటి పిల్లవాడు కొట్టి ఉంటే ఫిర్యాదు పోయేది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఏ తండ్రైనా అదే చేస్తాడు. మీ బాబు లాంటివాడు లెక్కలోకి వచ్చేది తానే రాసిన జవాబులో మాత్రమే. విలియమ్స్, గోల్డ్ 1972లో ప్రచురించిన సర్వేలో 88 శాతం పిల్లలు మూడేళ్లలో ఏదో ఒకటి చేశామన్నారు, ఆ పనుల్లో పోలీసుల దృష్టికి వచ్చినవి 3 శాతం కూడా లేవు. అది అమెరికా లెక్క, మన దగ్గర అంతే అని నేను చెప్పలేను.

కోదాడ నుంచి ఒక తండ్రి

ఆ పిలగాడి తండ్రి ఆటో నడుపుతాడు. మీరు చెప్పింది అర్థమైంది.

టీచర్, దేవరకొండ

బడిలో చేసే సర్వేకు ఇంకో పెద్ద లోపం ఉంది. ఆ రోజు బడికి రానివాళ్ల సంగతి? పత్తి తీసే రోజుల్లో మా తరగతిలో మూడోవంతు బెంచీలు ఖాళీ. తండాల నుంచి తల్లిదండ్రులు పనికి పోతే కొందరు వాళ్లతో పోతారు, కొందరు నానమ్మల దగ్గర ఉంటారు. మీరు వెతికే ముప్పైసార్లు చేసినవాడు ఆ రోజు మీకు దొరకనే దొరకడు.

ఇంకొకటి, "కల్లు తాగావా" అన్న ప్రశ్న. మా దగ్గర పండగ నాడు తాతే మనవడికి పోస్తాడు. దాన్ని తప్పుల ఖాతాలో వేస్తే ఊరంతా నేరస్థులే. "ఇంట్లోవాళ్లకు తెలియకుండా, బయట కొనుక్కొని" అని అడగాలి.

వెంకటరమణ

రెండూ సరైన మాటలే. కాగితాలు పంచేటప్పుడు హాజరుపట్టీలో ఉన్నవాళ్లెందరు, వచ్చినవాళ్లెందరు అని రాసుకొని, రానివాళ్ల కోసం ఇంకో వారం మళ్లీ వెళ్లాలి. బడి పూర్తిగా మానేసినవాళ్లకు మాత్రం ఇళ్లకు పోవాల్సిందే. ఇంట్లో తల్లి పక్కన కూర్చుంటే నిజం రాదు, అది ఇంకో తలనొప్పి.

స్రవంతి గారూ, కాలాన్ని కూడా కట్టేయండి. "ఎప్పుడైనా" అని కాకుండా "పోయిన దసరా నుంచి ఇప్పటిదాకా" అని అడగండి. పిల్లలు పాత సంగతుల్ని ఈ ఏడాదివే అనుకొని రాసేస్తుంటారు. పండగతో ముడిపెడితే అది కొంత తగ్గుతుంది. లైంగిక నేరాల మీద ప్రశ్న పెట్టే ముందు పోక్సో చట్టం 19వ సెక్షన్ చదవండి. అలాంటి నేరం జరిగిందని తెలిస్తే చెప్పి తీరాలంటుంది. ఎవరికీ చెప్పనని పిల్లలకు మాటిచ్చి, తర్వాత తప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

రిటైర్డ్ ఏఎస్ఐ, మిర్యాలగూడ

కోదాడ సంగతి లాంటివి నా సర్వీసులో ఎన్నో చూశాను, దాన్ని కాదనను. కానీ ఏ బస్తీకి ఔట్‌పోస్టు కావాలి, ఏ రోడ్డు మీద రాత్రి గస్తీ కావాలి అన్నది పేరు లేని టిక్కులతో తేల్చలేను. అక్కడ నాకు ఫిర్యాదులే కావాలి.

లెక్చరర్, నల్లగొండ

గస్తీ ఉన్న వాడలోనే పిల్లలు దొరుకుతారు, దొరికారు కాబట్టి గస్తీ పెంచుతారు. నా అభ్యంతరం అక్కడే సార్. ఎన్నిసార్లు అన్న లెక్క విషయంలో రమణ గారితో ఏకీభవిస్తాను. ఈ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

స్రవంతి (మహబూబ్‌నగర్)

అందరికీ కృతజ్ఞతలు. టిక్కు గడులు తీసేసి అంకె రాసే గీత పెడుతున్నాను, కల్లు ప్రశ్న టీచర్ గారు చెప్పినట్టు మారుస్తున్నాను, లైంగిక నేరాల ప్రశ్న తీసేస్తున్నాను. బడికి రానివాళ్ల కోసం మళ్లీ వెళ్తే హెడ్మాస్టర్లు ఒప్పుకుంటారా అన్నది తెలియదు. టీచర్ గారూ, రెండోసారి వెళ్లడానికి పత్తి తీతలు అయిపోయాక ఏ నెల మంచిదో చెప్పగలరా?

టీచర్, దేవరకొండ

ఫిబ్రవరి మొదటివారం రండి. ఆ తర్వాత పదో తరగతి వాళ్లను పరీక్షల హడావిడిలో ఎవరూ వదలరు.