ఇటుకరంగు ఈక గరుడపక్షిదా, నెమలిదా?

ప్రశ్న: పొదలకూరు దగ్గరి నిమ్మతోట రైతు

మా తోటలో బావి పక్కనున్న వేపచెట్టు కింద రెండు ఈకలు దొరికాయి. మొదటిది 31 సెంటీమీటర్లు ఉంది. మొదలు నుంచి కొన దాకా ఒకే ఇటుకరంగు, ఎక్కడా చారలు గాని మచ్చలు గాని లేవు. ఈనెకు ఒకవైపు రేకు వేలి వెడల్పు కూడా లేదు, రెండో వైపు రేకు దానికి మూడింతలు వెడల్పుగా ఉంది. బల్ల మీద పెడితే ఈక చదునుగా ఆనకుండా మధ్యలో పైకి లేచి విల్లులా నిలుస్తోంది. రెండోది అదే రంగులో 15 సెంటీమీటర్ల ముక్క. దాని కొన మాసినట్టు నల్లగా ఉంది, మొదలు విరిగిపోయింది. కండలేరు జలాశయం వైపు నుంచి గరుడపక్షులు మా మీదుగా తిరుగుతుంటాయి కనుక పెద్ద ఈక వాటిదేనని మా అమ్మగారు పూజగదిలో పెట్టాలంటున్నారు. అది నిజంగా గరుడపక్షిదేనా అన్నది తెలియజేయగలరు.

కావలి నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు

నిస్సందేహంగా గరుడపక్షిదే. మన జిల్లాలో తెల్లని తల, ఇటుకరంగు ఒళ్లు గల పెద్ద పక్షి మరొకటి లేదు. జెముడుకాకి రెక్కలు కూడా ఇదే రంగులో ఉంటాయి గాని, ఆ పక్షి తోకతో కలిపి దాదాపు 48 సెంటీమీటర్లే. అందులో సగం తోకే అయినప్పుడు దాని రెక్కలో 31 సెంటీమీటర్ల ఈకకు చోటెక్కడిది? కాబట్టి దానిని పక్కన పెట్టవచ్చు.

కందుకూరు నుంచి కోళ్ల పెంపకందారు

మాస్టారూ, ఎర్ర పుంజులను మరిచిపోయారు. మా దొడ్డిలో ప్రతి సంవత్సరం ఈకలు రాల్చే కాలంలో ఇటుకరంగు ఈకలు చాలా పడుతుంటాయి. వాటికీ ఒకవైపు రేకు సన్నగా, రెండో వైపు వెడల్పుగా ఉంటుంది, వంపు కూడా ఉంటుంది. తోట దగ్గర ఎవరి ఇంటి పుంజైనా తిరుగుతోందేమో ముందు విచారించండి.

సూళ్లూరుపేట నుంచి పక్షుల గణనలో పాల్గొనే సభ్యురాలు

కోళ్ల పెంపకందారు గారు వంపును గుర్తించడం సరైనదే. కోడి, కౌజు, నెమలి వంటి నేల మీద తిరిగే పక్షుల రెక్కలు పొట్టిగా, గుండ్రంగా, దొప్పలా ఉంటాయి. అవి ఉన్నట్టుండి బలంగా పైకి లేవాలి కనుక వాటి రెక్క ఈకలు బాగా వంగి ఉంటాయి. అయితే ఎర్ర పుంజు రెక్క ఈకను వెలుతురులో పెట్టి చూడండి: చాలావరకు బయటి సన్నరేకు మాత్రమే ఇటుకరంగులో ఉండి, లోపలి వెడల్పు రేకు నల్లగా ఉంటుంది. నాటుకోళ్లలో రంగులు రకరకాలు కనుక దీనిని కచ్చితమైన నియమం అనలేము. కాని రెండు రేకులూ ఒకే రంగులో ఉండి, పొడవు కూడా 31 సెంటీమీటర్లు వచ్చిందంటే పుంజు అనడానికి వీలులేదు.

ఇక మిగిలినవి గరుడపక్షి, నెమలి. పొడవును బట్టి వీటిని వేరు చేయలేము, ఎందుకంటే గరుడపక్షి రెక్క చివరి ఈకలు కూడా దాదాపు ఇంత పొడవు ఉంటాయి. తేడాను కొన వద్ద చూడాలి. గరుడపక్షి ఎగురుతున్నప్పుడు కింద నుంచి గమనిస్తే రెక్కల చివరలు నల్లగా కనిపిస్తాయి, అంటే దాని పొడవాటి రెక్క ఈకలన్నిటికీ కొన నల్లగా ఉంటుందన్న మాట. అంతేకాక ఆ ఈకలలో వెడల్పు రేకు కొంత దూరం వచ్చాక ఒక్కసారిగా మెట్టులా తగ్గి సన్నబడుతుంది. గాలిలో తేలియాడే గద్దల రెక్క చివర వేళ్లు విడినట్టు కనిపించేది ఆ మెట్టు వల్లనే. గరుడపక్షి ఒంటికి దగ్గరగా ఉండే ఈకలకు నల్లకొన ఉండదు గాని, అవి పొట్టిగా, వెడల్పుగా, కొన గుండ్రంగా ఉంటాయి, పైగా రెండు వైపుల రేకులకు తేడా తక్కువ. మీ ఈకకు ఇంత పొడవు ఉండీ కొనలో నలుపు లేదు కనుక, వంపు కూడా ఎక్కువ కనుక, అది మగ నెమలి రెక్క ఈక కావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

నిమ్మతోట రైతు

నెమలి ఈకలో ఆకుపచ్చ, నీలం, కన్ను ఇవేవీ లేకుండా ఎలా ఉంటుందండీ? మా తోటలోకి నెమళ్లు వస్తాయన్నది నిజమే, మొన్న పందిరి చిక్కుడు గింజలు కూడా తిన్నాయి.

సూళ్లూరుపేట సభ్యురాలు

కన్ను గల ఈకలు నిజానికి నెమలి తోకవి కావు, తోకను కప్పుతూ వీపు చివర నుంచి పెరిగేవి. వానాకాలం చివర అవి రాలినప్పుడు అందరూ ఏరుకుంటారు, రెక్క ఈక దొరికితే మాత్రం అది మరేదో పక్షిదని వదిలేస్తారు. మగ నెమలి రెక్క చివరి పెద్ద ఈకలు ఇటుకరంగులో ఉంటాయి. రెక్క ముడుచుకున్నప్పుడు అవి చాలావరకు లోపల దాగిపోతాయి, ఎగిరినప్పుడే బాగా కనిపిస్తాయి. ఆడ నెమలికైతే అవే ఈకలు గోధుమరంగులో ఉంటాయి. ఈసారి నెమలి గట్టు మీది నుంచి లేచేటప్పుడు దాని రెక్కలను చూడండి.

కావలి ఉపాధ్యాయుడు

మీరు చెప్పిన మెట్టు, నల్లకొన సంగతి బాగుంది. కాని గరుడపక్షి తోక ఈకకు నల్లకొన ఉండదు కదా? ఇది తోక ఈక కాకూడదా?

సూళ్లూరుపేట సభ్యురాలు

తోక ఈకలకు సాధారణంగా కొన లేతగా ఉంటుంది, అయితే నలుపు లేని లేతరంగు అంచు తొందరగా అరిగిపోతుంది కనుక పాత ఈకలో ఆ గుర్తును నమ్ముకోకూడదు. రేకుల వెడల్పును నమ్మవచ్చు. తోక మధ్య ఈకలకు రెండు రేకులూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, పక్కకు పోయేకొద్దీ తేడా పెరుగుతుంది గాని, ఒకటికి మూడింతలు, దానితో పాటు విల్లులాంటి వంపు ఉండటం తోకలో నేను చూడలేదు. పొడవు కూడా గరుడపక్షి తోకకు ఎక్కువే.

పూజగది విషయం కూడా ఒక మాట చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉన్న మినహాయింపు నెమలి తోక ఈకల గురించే చెబుతుంది, రెక్క ఈకల గురించి కాదు. కొలతలు రాసుకుని, ఫొటో తీసుకుని, ఈకను దొరికిన చోటే వదిలేయడం మేలు.

నిమ్మతోట రైతు

అమ్మగారికి నచ్చజెబుతాను. మరి రెండో ముక్క సంగతి?

కందుకూరు పెంపకందారు

ఇప్పుడైనా పుంజుకు అవకాశం ఉంది.

సూళ్లూరుపేట సభ్యురాలు

ఉంది, కాదనను. మొదలు విరిగింది కనుక అసలు పొడవు తెలియదు. కొన మాసినట్టు ఉందన్నారు కాబట్టి జెముడుకాకి రెక్క ఈక కావచ్చు, ఎందుకంటే దాని ఇటుకరంగు ఈకల కొనలు కాస్త మసకబారి ఉంటాయి. కాని ఇది గరుడపక్షి పెద్ద ఈక పైభాగం విరిగిన ముక్క కూడా కావచ్చు. అలాగైతే ముక్కలో నలుపు కొంచెం మాసినట్టు కాక, స్పష్టంగా చాలా మేర పరుచుకుని ఉండాలి, వెడల్పు రేకులో మెట్టు కూడా కనిపించవచ్చు. తెల్లకాగితం మీద స్కేలు పక్కన పెట్టి, పైవైపు ఒకటి, ఈనెలో గాడి కనిపించే కిందివైపు ఒకటి, రెండు ఫొటోలు పెట్టండి. విరిగిన చోట ఈనె ఎంత లావుగా ఉందో కూడా కొలవండి. 15 సెంటీమీటర్ల ముక్కకు అక్కడ ఈనె బాగా లావుగా ఉందంటే అది పెద్ద ఈక నుంచి తెగిందన్న మాట, అప్పుడు జెముడుకాకి పేరు కొట్టేయవచ్చు.