అప్‌డేట్: డిసెంబర్ చివరి వారం, గణపురం కోటగుళ్లు

నేను అడిగింది: "హన్మకొండ నుంచి న్యూ ఇయర్‌కి ఎటైనా వెళ్దామంటే అరకులో రూమ్ రేట్లు చూసి కళ్లు తిరిగాయి. లక్నవరంలో జనం. అమ్మానాన్నలతో ప్రశాంతంగా గడిపే చోటు దగ్గర్లో ఉందా?"

చాలామంది బొగత అన్నారు. కానీ అది వానల జలపాతం, డిసెంబర్‌కి నీళ్లు బాగా తగ్గిపోతాయి. అందుకే ఒక అన్న చెప్పిన కోటగుళ్లకే వెళ్లాం. రామప్పకు పది కిలోమీటర్ల దూరమే. మ్యాప్‌లో ఉత్త ఘనపూర్ అని కొడితే స్టేషన్ ఘనపూర్‌కి తీసుకెళ్లొచ్చు, అది పూర్తిగా వేరే దిక్కు. భూపాలపల్లి జిల్లా గణపురం అని చూసుకోండి.

కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి శివాలయం, చుట్టూ చిన్న గుళ్లు, మొత్తం 22. కొన్ని సగం కూలినవే. ఏనుగు మీద సింహం ఉన్న శిల్పాల దగ్గర నాన్న చాలాసేపు నిలబడిపోయారు. రామప్పలో అయితే వెనకవాళ్లు తోస్తుంటారు.

పొద్దున్నే బయల్దేరి ముందు రామప్ప, ఎండెక్కి జనం పెరిగేసరికి ఇక్కడికి రావడం మంచిది. సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు కాబట్టి రూమ్ ఖర్చే లేదు. పులిహోర, నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లాం.

ఒక్క మాట: మేడారం జాతర ఉన్న ఏడాదైతే ముందస్తు మొక్కుల బండ్లతో ములుగు రోడ్డు ఆదివారాలు నిండిపోతుంది. మామూలు రోజే పెట్టుకోండి.