కందిరీగ కుట్టి చెయ్యి మోచేయి దాకా వాచింది, ఇది ప్రమాదమా?

మాది కూకట్‌పల్లి. నిన్న పొద్దున బాల్కనీలో బట్టలు తీస్తుంటే అమ్మకి మణికట్టు మీద కందిరీగ కుట్టింది. ఇవాళ్టికి వాపు మోచేయి దాకా పాకింది. గాజులు సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. చెయ్యి వేడిగా ఉంది, ఒకటే దురద. కానీ జ్వరం లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది, ఇడ్లీ కూడా తింది. కుట్టిన చోటు నుంచే పాకే వాపు రెండు రోజుల దాకా పెరిగి, తర్వాత తగ్గుతుందని డాక్టర్ చెప్పారు.

నా టెన్షన్ బాబాయి వల్ల. పోయినేడు ఆయనకి కాలి మీద తేనెటీగ కుట్టింది. కాలు పెద్దగా వాయనే లేదు. పది నిమిషాల్లో పొట్ట, వీపు నిండా దద్దుర్లు, పెదవులు వాచాయి, గొంతు బొంగురుపోయింది, వాంతి చేసుకుని కళ్లు తిరిగి పడిపోయాడు. మేమేమో సిట్రిజిన్ మింగించి చూస్తూ కూర్చున్నాం. చివరికి 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే తేరుకున్నాడు.

అమ్మకి వాపు ఆ చేతికే ఉంది, ఒంటి మీద ఇంకెక్కడా ఏమీ లేదు. ఇలా వాచినవాళ్లకి మళ్లీ కుడితే బాబాయిలా అవుతుందా? బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటుంది, అది ఉంటే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చంటారు, నిజమేనా? అలర్జీ టెస్ట్ చేయించాలా? ఇలాంటిది చూసినవాళ్లు కాస్త చెప్పండి.