‘పరిత్యజింతురు’ తరువాత ఇంకొక ‘రు’ ఉన్నదా? తేదీ లేని వాయిదాకు ఆ పద్యం తగునా?

అడిగినవారు, నరసన్నపేట వైపు నుండి: మా కాలువ శివారు రైతుల సమావేశం ఈ ఆదివారం జరగవలసి ఉన్నది. గొట్టా బ్యారేజీ నుండి వంశధార ఎడమ కాలువకు నీరు ఏ తేదీన వదులుతారో, మా వరకు వంతు ఎన్ని రోజులకు వస్తుందో ఇంకా తెలియలేదు. అది తెలియనిదే స్వర్ణ వరి నారు పోయాలో, పంటకాలం తక్కువైన 1010 రకం కోసం ఆగాలో తేల్చలేము. అందుచేత మా కార్యదర్శి గారు ‘సమావేశము నిరవధికముగా వాయిదా వేయడమైనది’ అని నోటీసు రాశారు. అది చదివిన ఒక పెద్దాయన ‘ఆరంభించి పరిత్యజింతురు విఘ్నాయత్తులై మధ్యముల్’ అని నవ్వారు. ఆ పాదం నా చెవికి ఎక్కడో కుంటుతున్నది. సరైన పాఠం ఏది? ఆయన వేసిన ఎత్తిపొడుపు న్యాయమేనా?

ఛందస్సు చెప్పుకునే మాస్టారు, విజయనగరం: కుంటుతున్నది నిజమే, ఒక ‘రు’ పోయింది. ‘పరిత్యజింతురురు విఘ్నాయత్తులై’ అని ఉండాలి. భర్తృహరికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యం శార్దూలం కనుక పాదానికి పందొమ్మిది అక్షరాలు, యతి పదమూడవ అక్షరం మీద. ‘ఆరంభించి’లోని ‘ఆ’కు మైత్రి కుదరవలసినది ‘విఘ్నాయత్తులై’లోని ‘ఘ్నా’తో, ఆ ‘రు’ లేకపోతే ‘ఘ్నా’ పన్నెండవ స్థానానికి జారిపోతుంది. మొదటి పాదంలో ‘మానవులు విఘ్నాయాస’ అన్నచోట ‘ఘ్నా’ ఎక్కడ పడిందో లెక్కపెట్టి చూడండి, సరిగ్గా పదమూడవదే.

మరొకరు, శ్రీకాకుళం: మాస్టారూ, అచ్చుపుస్తకాలలో రెండు విధాలుగానూ చూశాను. ‘రురు’ అనేది అచ్చుతప్పేమోనని నా అనుమానం. పలకడానికి అంత ఇబ్బందికరమైన చోట ఏనుగు లక్ష్మణకవి అలా రాసి ఉంటాడా?

మాస్టారు: అది ‘పరిత్యజింతురు + ఉరువిఘ్న’ అన్న సంధి. ‘ఉరు’ అంటే పెద్దది అని మీకు నేను చెప్పనక్కరలేదు. పలకడానికి ఇబ్బందిగా ఉన్నంత మాత్రాన అచ్చుతప్పు కాదు. ఇబ్బందిగా ఉన్నందువల్లనే అచ్చు వేసేవారు ఒకదానిని తీసివేశారని నా అభిప్రాయం. అర్థానికి కూడా ఆ ‘రు’ కావాలి. నీచులు అడ్డంకుల భయంతో పని మొదలే పెట్టరు. మధ్యములు చిన్న అడ్డంకికి విడిచిపెట్టేవారు కారు, పెద్దదానికి విడిచిపెట్టేవారు. ఆ అక్షరం లేకపోతే వారికీ నీచులకూ దూరం చాలా తగ్గిపోతుంది.

అడిగినవారు: అలాగైతే నీటి తేదీ తెలియకపోవడం ‘ఉరువిఘ్నం’ కిందికి వస్తుందా, మాస్టారూ? పెద్దాయనకు జవాబు చెప్పాలి.

సహకార శాఖలో పనిచేసి విరమించిన ఒక సభ్యురాలు, బొబ్బిలి: పద్యం సంగతి మాస్టారికి వదిలి నేను నోటీసు సంగతి చెబుతాను. పెద్దాయన ఎత్తిపొడుపుకు కారణం వాయిదా కాదు, ‘నిరవధికముగా’ అన్న మాట. శాసనసభ నిరవధికంగా వాయిదా పడినదంటే ఆ సమావేశాల పని ముగిసినదని జనానికి చెవికి అలవాటు. అదే మాట మీ నోటీసులో కనబడేసరికి ‘ఇక లేదు’ అని అర్థమైపోయింది. మీరు చెప్పదలచినది అది కాదు గదా! ఒక వర్తమానం రావలసి ఉన్నది, అది రాగానే కూర్చుంటారు.

మరొకరు, శ్రీకాకుళం: అసలు తేదీ లేని వాయిదా అనడమే తప్పు. వాయిదా అన్నది అరబ్బీ ‘వాదా’ నుండి వచ్చిన మాట, అంటే ఇచ్చిన మాట, ఒప్పుకున్న గడువు. శిస్తు వాయిదా, కోర్టు వాయిదా, అన్నీ తేదీతోనే ఉంటాయి. పైగా చట్టం ప్రకారం కోరం లేక ఆగిన సమావేశం మరుసటి వారం అదే రోజు, అదే వేళకు జరగాలి. ఆ లెక్కన తేదీ తనంతట తానే వచ్చింది.

బొబ్బిలి సభ్యురాలు: మాట పుట్టుక గురించి మీరు చెప్పినది బాగున్నది. చట్టం గురించి చెప్పినది సగమే. ఆ నియమం 2013 కంపెనీల చట్టంలోని 103వ సెక్షన్‌ది, అదీ సమావేశానికి పెట్టిన వేళ నుండి అరగంట దాకా కోరం లేనప్పటి మాట. వీరిది కంపెనీ కాదు, సమావేశం ఇంకా మొదలు కాలేదు. కూర్చున్న సభను ఆపడం వేరు, కూర్చోకముందే ముందుకు జరపడం వేరు. తెలుగులో రెండింటికీ ఒకే మాట వాడుతున్నందువల్లనే ఈ తికమక.

పాలకొండ దగ్గర ఒక రైతు: అయ్యా, మా ఊరిలో కిందటి సంవత్సరం ఇలాగే ‘తేదీ తరువాత తెలియజేయబడును’ అన్నారు. ఎవరూ తెలియజేయలేదు. నారు ఇరవై అయిదు రోజులు దాటి, ముప్పై దాటి, ముదిరిపోయింది. నాటినవి పిలకలు సరిగా వేయలేదు. పద్యంలో ఎన్ని ‘రు’లు ఉన్నా నాకు అభ్యంతరం లేదు గానీ, నారు మాత్రం మీ వర్తమానం కోసం ఆగదు.

బొబ్బిలి సభ్యురాలు: బాబుగారు అసలు ప్రమాదాన్ని చెప్పారు. తేదీ వేయలేనప్పుడు తేదీ బదులు మూడు సంగతులు రాయాలి: ఏ వర్తమానం కోసం ఆగుతున్నారు, అది ఎవరు తెలుసుకుని చెబుతారు, అది అందిన ఎన్ని రోజులకు కూర్చుంటారు. వీటికి తోడు ఒక గట్టు కూడా ఉండాలి. ఆ గట్టు దాటితే వర్తమానం వచ్చినా రాకపోయినా కూర్చుంటారు. ఈ గట్టును నారు వయసును బట్టి వెనక్కి లెక్కించాలి. ఉదాహరణకు జూలై నెలాఖరున నాటాలంటే నారు జూలై మొదటి రోజులలో పోయాలి, కనుక సమావేశం జూన్ ఆఖరు దాటకూడదు. అప్పటికీ నీటి సంగతి తేలకపోతే దాదాపు నూట యాభై రోజుల స్వర్ణను వదులుకుని నూట ఇరవై రోజుల 1010కి నారు ఆలస్యంగా పోయాలా అన్నది ఆ సమావేశంలోనే తేల్చుకోవచ్చు. పిల్లకాలువ పూడిక తీయడానికి నీటి తేదీతో పని లేదు. ఆ అంశాన్ని కూడా కలిపి వాయిదా వేయడం నాకు నచ్చలేదు.

అడిగినవారు: ఇలా రాశాను. ‘గొట్టా బ్యారేజీ నుండి నీటి విడుదల తేదీ ఇంకా అందనందున ఆదివారం నాటి సమావేశంలో పంట రకం, నారుమడుల అంశం చేపట్టబడదు. తేదీని కార్యదర్శి గారు కనుక్కుని సభ్యులకు చెబుతారు. చెప్పిన నాలుగవ రోజున సమావేశం జరుగుతుంది. జూన్ 28 నాటికి తేదీ తెలియకపోయినా ఆ రోజు సమావేశం జరుగుతుంది. పూడికతీత విషయమై మాత్రం ఈ ఆదివారమే కలుద్దాము.’

మాస్టారు: ధీరులు మొదలుపెట్టిన పనిని విడువరని చెప్పే ‘ప్రారబ్ధార్థము లుజ్జగింపరు’ అన్న పాదానికి ఈ నోటీసు తగి ఉన్నది, పెద్దాయనకు అదే చదివి వినిపించండి. ‘చేపట్టబడదు’ను మాత్రం ‘చేపట్టము’ అని దిద్దుకోండి. ఇక ‘రు’ విషయంలో నేను వెనక్కి తగ్గను.

మరొకరు, శ్రీకాకుళం: భర్తృహరిని లక్ష్మణకవి కన్నా ముందే తెలుగు చేసిన ఎలకూచి బాలసరస్వతిని ఎవరూ తలచుకోరెందుకు? ఆయన పాఠంలో ఈ పాదం ఎలా ఉన్నదో చూసిన తరువాతనే ‘ఉరు’ను ఒప్పుకుంటాను.

మాస్టారు: ఇద్దరిదీ వేరువేరు అనువాదం. ఒకరి పద్యంలోని అక్షరాన్ని మరొకరి పద్యంతో తేల్చలేరు. కావాలంటే యతిని మరొకసారి లెక్కపెట్టండి.

పాలకొండ రైతు: నాలుగవ రోజు అన్నారు, వర్తమానం చెప్పిన రోజును లెక్కలో వేసుకున్నారా, మానేశారా? మా దగ్గర గొడవ సరిగ్గా అక్కడే వచ్చింది.